ఫిర్యాదు చేస్తే ఉద్యోగం ఉంటుందా? విజిల్‌బ్లోయర్ పాలసీలో ఈ మూడు వాక్యాలు చూసుకోండి

బాపట్ల దగ్గర ఓ రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ ఉందనుకుందాం. ఎగుమతికి సిద్ధమైన సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నట్టు ల్యాబ్‌లో తేలింది. రిజిస్టర్‌లో మాత్రం ‘లేవు’ అని రాయించారు. రాయించింది సాక్షాత్తూ ప్లాంట్ మేనేజరే. క్వాలిటీ సూపర్‌వైజర్ ఫిర్యాదు చేయాలంటే ఆ కాగితం అదే మేనేజర్ టేబుల్ మీదుగా వెళ్లాలి. మరి ఆయన ఎవరికి చెప్పాలి? చెప్తే ఉద్యోగం ఉంటుందా? దీనికి జవాబు కంపెనీ విజిల్‌బ్లోయర్ పాలసీలోని మూడు వాక్యాల్లో ఉంటుంది.

ఏ కంపెనీలకు పాలసీ తప్పనిసరి?

కంపెనీల చట్టం-2013లోని సెక్షన్ 177 దీన్ని ‘విజిల్ మెకానిజం’ అంటుంది. స్టాక్ ఎక్స్‌ఛేంజీలో లిస్టయిన కంపెనీలకే ఇది వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే కంపెనీలకు, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్న కంపెనీలకు కూడా ఇది తప్పనిసరి. అంటే అప్పు ఆ గీత దాటితే మన రొయ్యల కంపెనీ కూడా దీని కిందకే వస్తుంది. కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే పాలసీ వివరాలు అందులో పెట్టాలి.

మొదటి వాక్యం: ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుంది?

‘ఫిర్యాదులను హెచ్‌ఆర్ విభాగానికి లేదా పైఅధికారికి ఇవ్వాలి’ అని మాత్రమే రాసి ఉంటే ఆ పాలసీ బలహీనమైనదే. తప్పు చేసింది పైఅధికారే అయితే ఆ దారి మూసుకుపోయినట్టే కదా. చట్టం ప్రకారం తగిన సందర్భాల్లో, అసాధారణ పరిస్థితుల్లో ఉద్యోగి నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కు చెప్పుకునే వీలుండాలి. ఆడిట్ కమిటీ లేని కంపెనీలో బోర్డు ఓ డైరెక్టర్‌ను ఇందుకోసం నియమించాలి.

ఇది ఎంత ముఖ్యమో తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ కేసే చెప్తుంది. 2008 డిసెంబరులో కంపెనీ లెక్కల మీద ఓ అజ్ఞాత మెయిల్ వెళ్లింది. అది యాజమాన్యానికి కాదు, ఓ ఇండిపెండెంట్ డైరెక్టర్‌కు వెళ్లింది. కొన్ని వారాలకే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తారుమారు చేశామని లేఖలో ఒప్పుకున్నారు. తప్పు పై స్థాయిలోనే జరుగుతున్నప్పుడు ఫిర్యాదు వాళ్లను దాటి బయటికి పోయే దారి ఉండాలి.

కాబట్టి పాలసీలో ఇలా ఉండాలి: ‘ఫిర్యాదు ఏ అధికారి మీద ఉందో ఆ అధికారి దాన్ని తీసుకోకూడదు, చూడకూడదు, విచారించకూడదు. ఉద్యోగి నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కు రాయవచ్చు.’ దాని కిందే చిరునామా, మెయిల్ ఐడీ కూడా ఇవ్వాలి.

రెండో వాక్యం: పేరు దాస్తే సరిపోతుందా?

‘ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచుతాం’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఆ ల్యాబ్ రిపోర్టు చూసింది ఇద్దరే అయితే పేరు చెప్పకపోయినా మనిషి దొరికిపోతాడు. అందుకే ‘పేరుతో పాటు, మనిషిని గుర్తుపట్టే వీలున్న ఏ వివరమైనా విచారణకు అవసరమైన వారికి తప్ప వెల్లడించం’ అని ఉండాలి. చట్టప్రకారం కోర్టుకో, దర్యాప్తు సంస్థకో పేరు చెప్పాల్సి వస్తే ముందుగా ఫిర్యాదుదారుకు తెలియజేస్తామని కూడా రాయాలి.

గోప్యత తప్పితే ఏమవుతుందో 2003లో దేశం చూసింది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీర్ సత్యేంద్ర దూబే పనుల్లో అక్రమాలపై ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు బయటపెట్టొద్దని కోరారు. అయినా ఆ లేఖ పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. ఆ ఏడాది నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. దోషులకు శిక్ష పడిన కేసులో అది దోపిడీ హత్యగానే నిలిచింది. కానీ దేశమంతా అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఆ పేరు ఎందుకు బయటికొచ్చింది?

మూడో వాక్యం: కక్ష సాధింపు అంటే ఏంటి?

‘ప్రతీకార చర్యలు ఉండవు’ అనే మాట దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. కక్ష సాధింపు అంటే ఉద్యోగం పీకేయడం ఒక్కటే కాదు. దూరానికి బదిలీ, ఇంక్రిమెంట్ ఆపడం, అప్రైజల్‌లో మార్కులు తగ్గించడం, ఉన్నట్టుండి నైట్ షిఫ్ట్ వేయడం, కాంట్రాక్ట్ పొడిగించకపోవడం కూడా కక్ష సాధింపే. ఇవన్నీ పేరుపేరునా రాసి ఉంటేనే ఉద్యోగి వేలు పెట్టి చూపించగలడు. అలా జరిగితే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు అన్నది కూడా ఉండాలి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. చట్టం డైరెక్టర్లు, ఉద్యోగుల గురించే చెప్తుంది. ప్రాసెసింగ్ షెడ్‌లో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లకు రక్షణ ఉందా లేదా అన్నది పాలసీ మాటల మీదే ఆధారపడుతుంది. రెండోది, పసలేని ఫిర్యాదులు పదేపదే చేస్తే చర్య తీసుకోవచ్చని నిబంధన ఉంది. అయితే పాలసీలో ‘రుజువు కాని ఫిర్యాదుపై చర్య’ అని ఉంటే జాగ్రత్త. నిజమని నమ్మి చెప్పిన మాట రుజువు కాకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు.

తెనాలి బ్యాంకులో అయితే?

ఇప్పుడు తెనాలిలో ఓ ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ అనుకుందాం. నకిలీ నగల మీద గోల్డ్ లోన్లు ఇస్తున్నారని క్లర్కుకు తెలిసింది. దూబే హత్య తర్వాత, 2004లో, కేంద్రం తెచ్చిన పీఐడీపీఐ తీర్మానం ఆయనకు పనికొస్తుంది. కేంద్ర ఉద్యోగులు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు, ప్రభుత్వ రంగ బ్యాంకులు దీని పరిధిలోకి వస్తాయి. ఫిర్యాదు తీసుకునేది ఢిల్లీలోని సెంట్రల్ విజిలెన్స్ కమిషన్.

ఫిర్యాదును మూసి అంటించిన కవర్‌లో పంపాలి. కవర్ మీద ‘పీఐడీపీఐ’ అని స్పష్టంగా రాయాలి. పంపేవాళ్ల పేరు, చిరునామా కవర్ మీద ఉండకూడదు, లోపలి లేఖలో మాత్రం తప్పకుండా ఉండాలి. పేరు లేని ఫిర్యాదును ఈ పద్ధతిలో తీసుకోరు. ‘ఇది మీరే రాశారా?’ అని కమిషన్ నుంచి లేఖ వస్తుంది, దానికి జవాబివ్వాలి. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, అదే ఫిర్యాదు కాపీని ఇంకో నలుగురికి పంపడం. అప్పుడు పేరు బయటపడేది తమ చేతులతోనే. ఆ తర్వాత వేధింపులు మొదలైతే రక్షణ కోరుతూ కమిషన్‌కే రాయవచ్చు.

రేపల్లె మున్సిపాలిటీలో అయితే?

ఇక్కడే అసలు లోటు. మున్సిపాలిటీ, తహసీల్దార్ ఆఫీసు లాంటివి రాష్ట్ర ప్రభుత్వం కిందివి కాబట్టి పీఐడీపీఐ వర్తించదు. రాష్ట్ర ఉద్యోగులపై వచ్చే ఫిర్యాదులనూ కలుపుకుంటూ పార్లమెంటు చేసిన విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014 మే నెలలో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. కానీ కేంద్రం దాన్ని అమల్లోకి తీసుకురాలేదు. లంచం అడిగితే ఏసీబీకి చెప్పొచ్చు. అయితే వలపన్ని పట్టుకునే కేసుల్లో ఫిర్యాదుదారే ప్రధాన సాక్షి అవుతాడు కాబట్టి కోర్టులో పేరు బయటికి వస్తుంది.

ఒకే రకం తప్పుకు బాపట్లలో ఓ దారి, తెనాలిలో ఇంకో దారి, రేపల్లెలో మరో దారి. అందుకే ఫిర్యాదు రాయకముందే మీ సంస్థ ఎవరి కింద ఉందో, మీ కాగితం ముందుగా ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోండి.