కారణం ముందు, తీర్పు తర్వాత

భాషా నమూనా ఇచ్చే జవాబులో ఏ గడి ముందు రావాలో నిర్ణయించే పద్ధతి. నమూనా ఒక్కో ముక్కనే వరుసగా రాస్తుంది, రాసినదాన్ని వెనక్కి వెళ్లి దిద్దదు. తీర్పు ముందే పడితే ఆ తర్వాతి కారణం దాన్ని మార్చలేదు, సమర్థిస్తుందంతే.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి వేర్వేరు రెవెన్యూ డివిజన్లు. లింగంపేట మండల రైతు పట్టా అర్జీని ఏ డివిజన్‌కు పంపాలో నమూనాను అడిగామనుకుందాం. అర్జీ పైన ‘కలెక్టర్, కామారెడ్డి’ అని ఉంటుంది. డివిజన్ గడి ముందుంటే ఆ పేరే పడే ప్రమాదం ఎక్కువ.

```
{"karanam": "భూమి లింగంపేట మండలంలో ఉంది; అది ఎల్లారెడ్డి డివిజన్",
 "division": "ఎల్లారెడ్డి"}
```

ఇలా రాయిస్తే మండలం ముందు తేలుతుంది, తీర్పు దాన్ని పట్టుకుని వస్తుంది. అయితే ఏ మండలం ఏ డివిజన్‌లోదో జాబితా ఇవ్వకపోతే వరుస మార్చినా లాభం లేదు.

కొన్ని పనిముట్లు గడులను అక్షరక్రమంలో పేర్చేస్తాయి. అప్పుడు `division` చడీచప్పుడు లేకుండా `karanam` ముందుకు చేరుతుంది. కాబట్టి వచ్చిన జవాబులోని వరుసనే చూడాలి. జవాబుకు ముందే విడిగా ఆలోచించే నమూనాల్లో వరుస వల్ల వచ్చే తేడా తగ్గుతుంది. సరైన డివిజన్ ముందే తెలిసిన అర్జీలను రెండు వరుసల్లోనూ నడిపి తప్పులు లెక్కిస్తే తేడా ఎంతో తెలుస్తుంది.