కలను తిరగరాసే వైద్యం

గంజాం తీరానికి అక్టోబరు అచ్చిరాని నెల. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుఫాను బరంపురాన్ని కుదిపేసింది. పన్నెండు రోజులకే, 29న, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మళ్లీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటిన తిత్లీ దెబ్బ గంజాం, గజపతి జిల్లాల మీదా పడింది. ఎగిరిపోయిన రేకులకు, విరిగిన చెట్లకు లెక్కలు వేశారు. పోయిన నిద్రకు మాత్రం లెక్క వేసినవారు తక్కువ.

ఆ కొద్దిమందిలో మనోవైద్యుడు నీలమాధవ్ కర్ బృందం ఒకటి. సూపర్ సైక్లోన్ వచ్చిన ఏడాదికి వాళ్లు ఒడిశాలో 447 మంది పిల్లల్ని పరీక్షించారు. వాళ్లలో 30.6 శాతం మందికి పీటీఎస్డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వదలని మానసిక గాయం, ఉన్నట్టు తేలింది. తుఫాను దెబ్బ గట్టిగా తగిలిన చోట అది 43.7 శాతం. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా ఆపిన అంకె వేరే ఉంది: తల్లిదండ్రులో టీచర్లో 'ఈ బిడ్డ మనసు బాగాలేదు' అని గుర్తించింది 7.2 శాతం మంది పిల్లల విషయంలోనే. బాధ ఇంట్లో ఉన్నా ఇంటివాళ్లకు కనబడలేదు.

పెద్దవాళ్ల సంగతీ ఇంతే. డాక్టరు ముందు కూర్చుని 'నిద్ర పట్టడం లేదండీ' అంటారు. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. మామూలు నిద్రలేమి ఉన్నవాడికి నిద్ర కావాలి, రాదు. గాయం తర్వాతి నిద్రలేమిలో నిద్ర రాగలదు, కానీ మనిషే దాన్ని రానివ్వడు. కళ్లు మూస్తే ఆ గాలి హోరు మళ్లీ వినిపిస్తుందని దీపం వేసుకుని కూర్చుంటాడు, తలుపు గడియ నాలుగుసార్లు చూసొస్తాడు. ఒకడు నిద్ర కోసం వెతుకుతుంటే ఇంకొకడు నిద్ర నుంచి పారిపోతుంటాడు.

పీడకలను నేరుగా పట్టుకుని వైద్యం చెయ్యొచ్చన్న ఆలోచన చాలాకాలం లేదు. పెద్దలు గోవిందుణ్ణి తలుచుకుని పడుకోమన్నారు. ఆధునిక వైద్యులేమో కలను అసలు జబ్బు తాలూకు పొగగా చూశారు. నిప్పు ఆర్పితే పొగ అదే పోతుందనుకున్నారు. ఇందుకు భిన్నమైన తొలి ఆనవాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కనిపిస్తుంది. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే బ్రిటిష్ వైద్యుడి దగ్గరికి ఒక సైనికాధికారి వచ్చాడు. ఫిరంగి గుండుకు తునాతునకలైన స్నేహితుడి శవం అతనికి రోజూ కలలోకి వచ్చేది. శరీరం అంతగా ఛిద్రమైందంటే ప్రాణం తక్షణమే పోయిందనీ, మిత్రుడు నొప్పి ఎరగకుండా పోయాడనీ రివర్స్ ఎత్తిచూపాడు. కొన్ని రాత్రులు కల రాలేదు. తర్వాత వచ్చిన కలలో అతను శవం పక్కన మోకరిల్లి, ఇంటివాళ్లకు ఇవ్వడానికి మిత్రుడి వస్తువులు ఏరుతున్నాడు. మెలకువ వచ్చింది, ఏడుపూ వచ్చింది, భయం మాత్రం లేదు. 1918లో అచ్చయిన ఈ కథనంలో తర్వాత రాబోయే వైద్యపు బీజం ఉంది: జరిగినది మారదు, కల మారుతుంది.

ఆ బీజం మొలకెత్తడానికి అరవై ఏళ్లు పట్టింది. 1978లో లండన్ మనోవైద్యుడు ఐజాక్ మార్క్స్, పీడకలను మెలకువలో పదేపదే నెమరువేయించి ఉపశమనం తెచ్చిన ఒక రోగి వివరాలు ప్రచురించాడు. అమెరికాలోని న్యూ మెక్సికోలో రాబర్ట్ కెల్నర్, బారీ క్రాకో తదితరులు దాన్ని ఒక క్రమంలో పెట్టారు. అదే ఇమేజరీ రిహార్సల్. 2001లో క్రాకో బృందం లైంగిక దాడికి గురైన 168 మంది మహిళలపై జరిపిన పరీక్ష దానికి పేరు తెచ్చింది. వారం ఎడంతో మూడేసి గంటల రెండు తరగతులు, మూడు వారాల తర్వాత మరో గంట, అంతే చికిత్స. పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది, పీటీఎస్డీ తీవ్రత కూడా తగ్గింది. పొగ అనుకున్నదాన్ని ఆపితే నిప్పు కూడా చల్లబడింది!

ఇది ఎలా చేస్తారో చూద్దాం. గోపాల్‌పూర్ దగ్గరి తెలుగు జాలరి ఒకరిని ఊహించుకుందాం. ఆయనకు రెండు కలలు వస్తాయి. ఒకదాంట్లో ఫైలిన్ రాత్రి ఇంటి కప్పు లేచిపోతుంది, చీకట్లో తమ్ముడి కోసం వెతుకుతాడు. ఇది జరిగినదానికి అచ్చంగా నకలు. రెండోదాంట్లో పడవ ఎంత నడిపినా ఒడ్డు కనబడదు. పని రెండో కలతో మొదలుపెట్టాలి. ఎక్కువ భయపెట్టేదాన్ని, జరిగిన ఘటననే మళ్లీ చూపేదాన్ని ముందు ముట్టుకోకూడదు. కలను ఎలా మార్చాలో చికిత్సకుడు చెప్పడు, జాలరే ఎంచుకోవాలి. ఒడ్డున ఎవరో లాంతరు ఊపుతున్నారనుకోవచ్చు, అలలు తగ్గి వల నిండా చేపలు పడ్డాయనుకోవచ్చు. కొత్త కలను రాసుకోవాలి, రాయడం రాకపోతే చెప్పాలి. తర్వాత రోజుకు అయిదు నుంచి ఇరవై నిమిషాలు, పగటి పూట, కళ్లు మూసుకుని ఆ కొత్త కలనే చూడాలి. పాతదాన్ని తవ్వకూడదు. వారానికి ఒకటి రెండు కలలకు మించి పెట్టుకోకూడదు. మెలకువలో ఊహించేటప్పుడే గుండె దడ పెరిగి పాత దృశ్యం చొరబడుతుంటే ఎంచుకున్న కల బరువైనదని అర్థం, ఇంకా తేలికైనది పట్టుకోవాలి. తుఫాను కల వంతు ఆ తర్వాతే.

మామూలు నిద్రలేమి వైద్యం వేరే దారిలో పెరిగింది. 1972లో రిచర్డ్ బూట్జిన్, మంచం నిద్రకు మాత్రమే ఉండాలనీ, నిద్ర రాకపోతే లేచి వెళ్లాలనీ నియమం పెట్టాడు. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్, మంచంలో గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే సమయానికి కుదించమన్నాడు. ఆరు గంటలే నిద్రపోయేవాడు ఎనిమిది గంటలు దొర్లకూడదన్నమాట. ఇవి బాగా పనిచేస్తాయి. కానీ భయంతో ఇప్పటికే మంచానికి దూరమైనవాడికి ఇంకా దూరంగా ఉండమని చెబితే పారిపోవడానికి అనుమతి ఇచ్చినట్టవుతుంది. అతనికి ముందు కల సంగతి, దీపాలూ గడియలూ వంటి కాపలా అలవాట్ల సంగతి తేల్చాలి. మంచం నియమాలను ఆ తర్వాత, లేదా దానితో కలిపి, నెమ్మదిగా తేవాలి.

మందుల కథ ఇంత సాఫీగా లేదు. బీపీకి వాడే ప్రజోసిన్ పీడకలల్ని తగ్గిస్తుందని 2000 తర్వాత ఆశలు పెరిగాయి. 2018లో 304 మంది మాజీ సైనికులపై జరిగిన పెద్ద పరీక్షలో దానికీ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనబడలేదు. కొందరికి మేలు చేస్తుందని ఇప్పటికీ వాడుతున్నారు, అయితే బీపీ పడిపోతుంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. బెంజోడయజెపైన్ రకం నిద్రమాత్రలు పీటీఎస్డీకి వద్దని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మద్యం మొదటి జామున మత్తు ఇచ్చినా తెల్లవారుజామున కలల్ని ఉధృతం చేస్తుంది.

ఇమేజరీ రిహార్సల్ కూడా అందరికీ పారలేదు. వియత్నాం యుద్ధపు మాజీ సైనికుల మీద 2010లో వచ్చిన పరీక్షలో దానికి ప్రత్యేక లాభం కనిపించలేదు. ఏళ్లకేళ్లు ముదిరిన గాయానికి కొద్దిపాటి తరగతులు చాలవని నా అభిప్రాయం. గురక, ఊపిరి ఆగడం ఉంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. దాన్ని వదిలేసి కలకు వైద్యం చేస్తే ఫలితం సగమే.

అందుకే బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా, మరే డాక్టరు దగ్గరికి వెళ్లినా 'నిద్ర పట్టడం లేదు' అని ఆగిపోకండి. ఏ కల వస్తోందో, వారానికి ఎన్నిసార్లో, లేచాక మళ్లీ పడుకోవడానికి భయపడుతున్నారో చెప్పండి. కలను మాత్రం తెలుగులోనే చెప్పండి. అంత దూరం వెళ్లలేకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోన్ ఉచితం, రేయింబవళ్లు పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.