సెప్టిక్ ట్యాంకులో మనిషి పడిపోతే: మొదటి అడుగు

సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు, పాత బావులు, ఫ్యాక్టరీల్లోని లోతైన తొట్లు వంటి గాలి ఆడని ఇరుకు చోట్ల జరిగే ప్రమాదాలు ఒక్కరితో ఆగకపోవడం తరచుగా చూస్తాం. ముందు ఒకరు పడిపోతారు, ఆయన్ను తీయడానికి దిగినవారూ పడిపోతారు, వాళ్ల కోసం మూడో మనిషి దిగుతాడు. ఇలాంటి చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1986లోనే హెచ్చరించింది. ప్రథమ చికిత్స పాఠాల్లో ఈ సన్నివేశాన్ని ప్రశ్నగా ఇచ్చి ముందు ఏం చేయాలని అడిగితే, పడిపోయినవారి దగ్గరికి వెంటనే చేరాలనే చాలామందికి తోస్తుంది. ఇక్కడ ఆ జవాబే ప్రాణాంతకం. పైనున్నవాళ్లలో ఎవరూ దిగకుండా ఆపడం, ఆ వెంటనే సహాయం పిలవడం సరైన మొదటి అడుగు. వినడానికి కఠినంగా ఉన్నా, లోపలి గాలి ఎలా పనిచేస్తుందో తెలిస్తే దీనికి మించిన మార్గం లేదని అర్థమవుతుంది.

ఒక సన్నివేశం అనుకుందాం. పది అడుగుల లోతు, రెండడుగుల మూత ఉన్న ట్యాంకు. మోటారుతో పైనీళ్లు తోడేశాక, అడుగున మిగిలిన మడ్డిని తీయడానికి ఒక కార్మికుడు నిచ్చెన మీదుగా దిగాడు. పారతో రెండుసార్లు కదిపాడో లేదో తూలి కూలబడ్డాడు. పైన తోటి పనివాడు, ఇంటి యజమాని ఉన్నారు. మూత తీసి చాలాసేపయింది, దిగే ముందు ఘాటు వాసన కూడా తగ్గింది, కాబట్టి అతను కాలు జారి పడ్డాడనో, ఎండదెబ్బ తగిలిందనో వాళ్లు అనుకోవచ్చు. కానీ మడ్డి కుళ్లేటప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది. అందుకే అది అడుగున పేరుకుంటుంది, మూత తీసినంత మాత్రాన బయటికి పోదు. పైగా మడ్డిలో చిక్కుకున్న వాయువు దాన్ని కదిపినప్పుడే ఒక్కసారిగా వెలువడుతుంది. నిలబడ్డంతసేపు బాగానే ఉన్న మనిషి పని మొదలుపెట్టగానే పడిపోవడానికి కారణం అదే.

వాసన తగ్గిందన్నది మరీ మోసపూరితమైన సూచన. చాలా తక్కువ మోతాదులో ఈ వాయువు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలకు చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. 700 నుంచి 1,000 భాగాల మధ్య ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు. అరిచే వ్యవధి కూడా ఉండదు. విషవాయువు లేకున్నా ప్రాణవాయువు కొరత ఒక్కటే చాలు. మామూలు గాలిలో అది 20.9 శాతం. 19.5 కంటే తగ్గగానే ఆ చోటును ప్రమాదకరంగా లెక్కిస్తారు, 10 శాతం కంటే దిగితే మనిషి త్వరగా స్పృహ కోల్పోతాడు. పూడిక తీసే బావిలో డీజిల్ ఇంజను దించి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. వీటిలో ఏది ఉందో కంటితో చెప్పలేం. పాతకాలపు దీపం పరీక్ష కూడా చాలదు. ప్రాణవాయువు బాగా తగ్గితే దీపం ఆరిపోవచ్చు గాని విషవాయువు ఉన్నా అది వెలుగుతూనే ఉంటుంది, మీథేన్ ఉన్నచోట మంటే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

ఎవరూ దిగకూడదన్న మాటకు వచ్చే పెద్ద అభ్యంతరం న్యాయమైనదే. శ్వాస ఆగితే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, అగ్నిమాపక వాహనం వచ్చేసరికి అంతకు ఎన్నో రెట్లు సమయం పడుతుంది, అలాంటప్పుడు ఆగడమంటే చావనివ్వడమే కదా అంటారు. ఈ వాదన, దిగినవారు పైకి తేగలరన్న ఊహ మీద నిలబడుతోంది. స్పృహ లేని మనిషిని ఇరుకు మూతలోంచి నిచ్చెన మీదుగా ఒక్కరే ఎత్తడం మంచి గాలిలోనే దాదాపు అసాధ్యం. ఊపిరి బిగబట్టి దిగినా, బరువు ఎత్తే శ్రమకు కొన్ని సెకన్లలోనే శ్వాస తీసుకోక తప్పదు. ముఖానికి తడిగుడ్డ, దుమ్ము మాస్కు వాయువును ఆపవు, లేని ప్రాణవాయువును సృష్టించవు. నడుముకు తాడు కట్టుకుని దిగడం కొంత తెలివైనదిగా కనిపిస్తుంది. కానీ పడిపోతే ఆ తాడు నడుము దగ్గర మనిషిని రెండుగా మడిచేస్తుంది, పైనున్న ఇద్దరు ఆ బరువును లాగలేకపోవచ్చు, అప్పుడు వచ్చే బృందం ముందు ఇద్దరు ఉంటారు. రెండో మనిషి దిగడం మొదటివాడి నిమిషాలను పెంచదు.

ఆగడమంటే చేతులు కట్టుకుని నిలబడటం మాత్రం కాదు. ఒకరు 112కు ఫోన్ చేసి, మనిషి ట్యాంకులో స్పృహ తప్పాడని, విషవాయువు అనుమానమని, గాలి సిలిండర్లతో అగ్నిమాపక సిబ్బంది కావాలని స్పష్టంగా చెప్పాలి. ఊరికే పడిపోయాడంటే అంబులెన్సు ఒక్కటే రావచ్చు. ఇంకొకరు మిగతా మూతలు తెరిచి, బ్లోయర్ లేదా పెద్ద ఫ్యాను దొరికితే దూరంగా ఉండి బయటి గాలిని గొట్టంతో అడుగుదాకా పంపాలి. స్వచ్ఛమైన ఆక్సిజన్ సిలిండరును మాత్రం లోపలికి వదలకూడదు, నిప్పు రవ్వతో మంట ఉధృతమవుతుంది. మూత మీదికి వంగి చూడటమూ తగదు. కింద మనిషికి ఇంకా స్పృహ ఉంటే తాడు విసిరి పట్టుకోమనవచ్చు. ముందే శరీరపట్టీ, తాడు కట్టి, పైన ముక్కాలి గిలకతో దించి ఉంటే, దిగకుండానే నిమిషంలో పైకి లాగవచ్చు. ఆ నాలుగైదు నిమిషాల్లో కాపాడగల మార్గం నిజానికి అదొక్కటే, దాన్ని దిగకముందే అమర్చాలి. సెన్సారు యంత్రంతో ప్రాణవాయువు, మండే వాయువు, విషవాయువులను ఆ క్రమంలో పై నుంచి అడుగుదాకా పరీక్షించడం కూడా అప్పుడే.

చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. చేతితో మలాన్ని ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని నేరంగా చేసింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. తోటివాడిని కాపాడబోయి చనిపోయిన కార్మికుడి తెగువను తప్పుపట్టడం అన్యాయం. తప్పు అతనికి తాడూ పట్టీ ఇవ్వకుండా పనికి పిలిచినవారిది.

బయటికి తీశాక చేయాల్సింది మామూలు క్రమమే. మూతకు దూరంగా, గాలి వచ్చే వైపుకు తరలించి, శ్వాస ఉందో లేదో చూడాలి. లేకుంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఒత్తాలి. ఇది ఊపిరి అందక ఆగిన గుండె కాబట్టి, శిక్షణ ఉన్నవారు ప్రతి 30 ఒత్తిళ్లకు రెండు శ్వాసలు ఇవ్వడం మేలు. అయితే అది సంచి మాస్కుతోనే ఇవ్వాలి, నోటితో నేరుగా ఊదకూడదు. బట్టలకు అంటిన మడ్డి, ఊపిరితిత్తుల్లోని వాయువు సహాయకుడికీ సోకవచ్చు. శ్వాస ఉండి స్పృహ లేకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపాల్సిందే, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత మొదలుకావచ్చు. అక్కడి వైద్యుడికి ట్యాంకు మడ్డి సంగతి, లోపల ఎంతసేపు ఉన్నాడు, ఎప్పుడు తీశారు అన్నవి తప్పక చెప్పాలి.