మూడో ల్యాంపు

దేవరకొండ దాటి మల్లేపల్లి వైపు వెళ్లే దారిలో, పత్తి చేను గట్టున నిలబడి ఉన్నారు మీరు. అక్టోబరు నెల, పొద్దున ఏడు గంటలు. కాయలు పగిలి చేనంతా తెల్లగా ఉంది. ఎదురుగా రాతి కట్టుడు బావి. పక్కనే రెండు కర్రల మీద బిగించిన స్టార్టర్ పెట్టె, దాని మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో మూడు ల్యాంపులు. మూడూ ఆరిపోయే ఉన్నాయి.

నలుగురు మనుషులు, ఒక ఫోను, ఒక స్టాండు. ఇదే మొత్తం షూటింగు. తీసేది అరవై సెకన్ల కథ, రెండు భాగాల్లో మొదటిది. డైరెక్టరు పాతికేళ్ల పిల్లగాడు. మోటారుకు కరెంటిచ్చే మూడు ఫీజులూ ఊడదీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. నడిచినప్పుడల్లా అవి టకటకమంటున్నాయి. “ఇవి నా జేబుల ఉన్నంతసేపే తాత బావిల దిగుతడు” అంటున్నాడు.

తాతగా నటిస్తున్నాయన నిజంగా రైతే. మెట్లు దిగి, తడి రాయి మీద కాళ్లు ఆనించి కూర్చుని, తెగిన మోటారు వైరు చేతిలోకి తీసుకున్నాడు. పంటితో పైతొడుగు లాగేశాడు. రాగి తీగలు బయటపడ్డాయి. ఫోను ఆ వేళ్లకు జానెడు దూరంలో ఉంది. కథ మొదటి షాటు ఇదే. పేర్లు లేవు, నమస్కారాలు లేవు. వీడియో తెరవగానే తడి కాళ్లు, ఒట్టి రాగి, ముసలి వేళ్లు. నాలుగు సెకన్లు.

“కట్!” అని, డైరెక్టరు మనవడి వేషం వేసిన పోరణ్ని స్టార్టర్ దగ్గర నిలబెట్టాడు. ఇప్పుడు తీసే ఎనిమిది సెకన్ల మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంది. పెట్టె పక్కన చిన్న స్విచ్చు ఉంది, దాన్ని ‘ఆటో’ వైపు వేశారు. పోరడు చెల్లెలికి గొప్పగా చెప్పాలి: “మూడు ల్యాంపులు ఎలిగితే సాలు, మోటరు దానంతటదే ఎత్తుకుంటది.” చెప్పి, ఇద్దరూ సీతాఫలాల కోసం గుట్ట వైపు పోతారు.

అంతే. తాతకు తెలియనిది మీకు తెలిసిపోయింది.

ఆటో స్టార్టర్ సంగతి ఇక్కడి రైతులకు కొత్తగా చెప్పక్కరలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాత్రిళ్లు లేచి చేనుకు పరుగెత్తకుండా ఉండేందుకు పెట్టుకున్న పెట్టె అది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దానికి ముందు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం ఊరూరా చెప్పించింది. అయినా చాలా చోట్ల ఉండిపోయాయి. కరెంటు రాగానే అది మోటారును ఎత్తుకోదు, కొన్ని సెకన్లు ఆగుతుంది. మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే లోపల ‘టక్’మంటుంది. ఆ టక్ వినిపించేదాకా బావిలోని వైరు చచ్చిన పాములా పడి ఉంటుంది. ఆ కొన్ని సెకన్లలోనే డైరెక్టరు తన కథను పెట్టుకున్నాడు.

నిజానికి ఇది రెండోసారి తీయడం. మొదటిసారి ఆటో సంగతి ముందు చెప్పలేదు. తాత వైరు ముడేస్తుంటాడు, ఉన్నట్టుండి మోటారు మోగుతుంది, కేక, తెర నల్లబడుతుంది. చూసినవాళ్లు ఉలిక్కిపడి, వెంటనే పైకి తోసేశారు. కరెంటు కొట్టేసింది, పని అయిపోయింది, ఇక ఎదురుచూడ్డానికి ఏముంది? సినిమా దర్శకుడు హిచ్‌కాక్ 1962లో మరో దర్శకుడు ట్రూఫోతో కూర్చుని చెప్పింది ఈ తేడానే. బల్ల కింద బాంబు ఉందని ముందు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గరున్నవాళ్లను మామూలుగా మాట్లాడుకోనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మన బాంబు స్టార్టర్ పెట్టె. మనకు పదిహేను నిమిషాలు లేవు, ఉన్నది ఒక్క నిమిషం. అందుకే పన్నెండో సెకను లోపు బాంబును చూపించెయ్యాలి.

ఎండ ఎక్కింది. ఇప్పుడు గుట్ట మీదున్నారు. పోరడి చేతిలో పగిలిన సీతాఫలం. వాడు గింజ ఊసి, కింద చేలవైపు చూస్తాడు. పక్క రైతు చేనులో పైపులోంచి తెల్లగా నీళ్లు దూకుతున్నాయి. ‘కరెంటొచ్చింది’ అని ఎవరూ అనరు. నీళ్లే అంటాయి. పోరడి దవడ ఆగిపోతుంది. పండు కింద పడుతుంది. ఇది ముప్పై ఎనిమిదో సెకను.

వాడు పరుగు. కింద బావిలో తాత తీరిగ్గా మెలిపెడుతున్న తీగ. మళ్లీ పరుగు. “తాతా!” అని అరుస్తాడు కానీ, పక్క చేను నీళ్ల మోతలో ఆ కేక బావిదాకా పోదు. పరుగు ముక్కలు మూడు సెకన్లకొకటి, తర్వాత రెండుకొకటి, తర్వాత ఒకటికొకటి. తాత చేతి ముక్క మాత్రం ప్రతిసారీ అంతే నిడివి. ఆయనకు తొందర లేదు కదా.

ఇక్కడే చేను యజమాని, డైరెక్టరుకు చిన్నాయన, గట్టు మీంచి అడ్డం వేశాడు.

“అరే, పక్కోని మోటరు నడుస్తున్నదంటే మూడు ఫేజులు ఉన్నట్టే గదరా. మన పెట్టెకు మూడోది రాకపోవుడేంది?”

అందరూ ఆగిపోయారు. ముగింపులో రెండు ల్యాంపులు వెలుగుతాయి, మూడోది మినుక్కుమంటుంది. కథంతా ఆ మూడో ల్యాంపు మీదే ఉంది మరి. రైతు చూస్తే మొదట పట్టుకునేది ఈ తప్పునే. ఒక్కసారి ‘ఇది అబద్ధం’ అనిపిస్తే తర్వాతి భాగం కోసం ఎవడూ ఆగడు. చివరికి దారి చిన్నాయనే చూపించాడు: “ఆళ్లది వేరే ట్రాన్స్‌ఫార్మర్ అను. మన దాని మీద ఒక ఫీజు లూజున్నది, గాలికి ఊగుతున్నది.” మధ్యలో ఒక్క సెకను ముక్క చేర్చారు. మెడెత్తి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, కొసకు ఊగుతున్న ఒక ఫీజు తీగ. మొదటిసారి చూసినవాడికి అది కనబడకపోవచ్చు. వెనక్కి తిప్పి చూసినవాడికి దొరుకుతుంది. రెండో భాగంలో జవాబు ఆకాశం నుంచి ఊడిపడకూడదు, ఇక్కడే పాతిపెట్టి ఉండాలి.

ల్యాంపుల షాటు అన్నిటికన్నా చివర తీశారు. బావిలోంచి అందరూ పైకొచ్చాక, మోటారు వైరు పెట్టెలోంచి పూర్తిగా విప్పేశాకే ఫీజులు జేబులోంచి బయటికొచ్చాయి. ఎరుపు వెలిగింది. పసుపు వెలిగింది. నీలం ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. మళ్లీ మినుక్కుమంది. అక్కడ కత్తిరించారు.

సాయంత్రం మల్లేపల్లిలో కిరాణా కొట్టు ముందు ఉన్నారు. యూట్యూబ్ షార్ట్స్ నిడివి 2024 అక్టోబరు 15న మూడు నిమిషాలకు పెరిగింది కదా, ఇంకా అరవై ఎందుకని మీరడిగితే డైరెక్టరు నవ్వాడు. “పరుగు మూడు నిమిషాలుంటే పోరడు హైదరాబాదుకు చేరుతడన్నా.” మొదటి కూర్పు 94 సెకన్లు వచ్చిందట. తీసేసిన 34 సెకన్లూ మాటలే.

ఫోనును కొట్టు అక్క చేతిలో పెట్టాడు. ఏమీ చెప్పలేదు. అతని పరీక్ష ఇదొక్కటే: చూశాక ఆమె ఏమడుగుతుందో వినడం. “ఈ ముసలాయన ఎవరు?” అంటే మొదలు చెడింది. “ఆటో అంటే ఏంది?” అంటే ఎనిమిది సెకన్ల ముక్క చెడింది. “అయ్యో పాపం” అంటే కథ అయిపోయినట్టే, రెండో భాగం తీయక్కరలేదు.

అక్క చూసింది. బొటనవేలితో వెనక్కి లాగి మళ్లీ చూసింది. సోడా అడిగినవాణ్ని పట్టించుకోలేదు.

“నీలంది ఎలిగిందా, లేదా?”

డైరెక్టరు ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రెండో భాగం అదే మినుకుతో మొదలుకావాలి, మొదటి మూడు సెకన్లలో దానికి జవాబు చెప్పాలి. కల అనో, ఇంకెవరో ఆపారనో తప్పించుకుంటే ఈ అక్క మళ్లీ ఫోను పట్టుకోదు. అది ఇంకా తీయలేదు.

బెంచీ మీద చాయ తాగుతున్న తాత గ్లాసు కింద పెట్టాడు. పొద్దుటినుంచి బావిలో కూర్చున్న మనిషి, వేళ్లకు ఇంకా రాగి గీతలున్నాయి.

“గది సరేగాని బిడ్డా, ఇంతకూ నేను బతికిన్నా, సచ్చిన్నా?”