బ్యాక్‌గామన్ తొలి ఎత్తులు: 2-1 పందెం

బ్యాక్‌గామన్‌లో ఆట ఎవరు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఆటగాళ్లిద్దరూ చెరొక పాచిక వేస్తారు. పెద్ద అంకె పడినవారు ఆ రెండు అంకెలనూ కలిపి తమ తొలి పందెంగా ఆడతారు. సమానంగా పడితే మళ్లీ వేయాలి కనుక తొలి పందెంలో జంట అంకెలు ఉండవు, మొత్తం పదిహేను రకాల పందేలు మాత్రమే మిగులుతాయి. వాటిలో 3-1, 4-2, 6-1 వంటివి ఒకే ఎత్తులో రెండు కాయలను ఒక గడిలో జోడు కట్టించేస్తాయి; జోడు ఉన్న గడిలోకి ప్రత్యర్థి రాలేడు కనుక అక్కడ ఆలోచనకు పెద్దగా పని ఉండదు. చిక్కంతా 2-1, 4-1, 5-1 వంటి పందేలతోనే, ఎందుకంటే వీటితో ఏ జోడూ కట్టడం కుదరదు, ఏదో ఒక కాయను ఒంటరిగా వదలక తప్పదు.

నాలుగు రెక్కల పగడసాల పటంలా కాక, ఈ ఆటలో 24 గడులు వరుసగా ఉంటాయి. ప్రతి ఆటగాడూ తన ఇంటి చివరి గడిని 1గా, ప్రత్యర్థి ఇంట్లోని అతి దూరపు గడిని 24గా లెక్కిస్తాడు. ఆరంభంలో అతని కాయలు 24లో రెండు, 13లో అయిదు, 8లో మూడు, 6లో అయిదు ఉంటాయి. 2-1 పడినప్పుడు రెండును 13 నుంచి 11కు ఆడటంలో సాధారణంగా భేదాభిప్రాయం ఉండదు. వివాదమంతా మిగిలిన ఒక్క అడుగు గురించే.

మొదటి మార్గం గడిని ‘పట్టి ఉంచడం’, అంటే ఆరో గడి నుంచి ఒక కాయను అయిదుకు దింపి, తర్వాతి వంతులో దానికి తోడు తేవాలని చూడటం. ఆరో గడి పక్కన అయిదో గడి కూడా దక్కితే ప్రత్యర్థి వెనుక కాయలకు గట్టి గోడ లేస్తుంది కనుక ఈ ఆశ వట్టిది కాదు. అయితే ప్రత్యర్థి కాయలు ఆ ఒంటరి కాయకు నాలుగు అడుగుల దూరంలోనే ఉంటాయి. 36 పందేల్లో నాలుగు ఉన్నవి 11, 3-1 రూపంలో రెండు, 1-1, 2-2 ఒక్కొక్కటి చొప్పున మొత్తం 15 పందేలు దానిని కొడతాయి. కొట్టినప్పుడు ఆ కాయ 20 అడుగుల ప్రయాణాన్ని పోగొట్టుకుని మళ్లీ మొదటి నుంచి రావాలి. బతికి, ప్రత్యర్థి ఎత్తు వల్ల మరే మార్పూ లేకపోతే, 36లో 31 పందేలు తోడు తెచ్చిపెడతాయి. తప్పేవి 5-2, 5-4, 5-5 మాత్రమే. పదకొండుకు దింపిన కాయ ఆరుతోనూ, 4-2తోనూ అయిదును చేరగలగడమే దీనికి ఒక ముఖ్య కారణం.

రెండో మార్గం వెనుక కాయలను ‘విడదీయడం’, అంటే 24లోని జంటలో ఒకదానిని 23కు జరపడం. ఇక్కడ వెనుక కాయకు దెబ్బ తగిలినా పోయేది ఒకటో రెండో అడుగులే, ఎందుకంటే ఆ కాయలు ఇంకా బయలుదేరనే లేదు. పదకొండులోని ఒంటరి కాయను కొట్టేది 6-4 ఒక్కటే, అది 36లో రెండు సార్లు పడుతుంది. పైగా విడిపోయిన కాయలు ప్రత్యర్థి కాయలు దించదలచిన గడులను రెండు చోట్ల నుంచి కాచుకుంటాయి, తర్వాత అక్కడే స్థావరం కట్టుకునే అవకాశాన్ని కూడా పెంచుతాయి. దీని బలహీనత 5-5 వంటి జంట పందెంలో బయటపడుతుంది: ప్రత్యర్థి రెండు కాయలతో 24 మీద దిగి ఒంటరిని కొట్టి, ఎనిమిది నుంచి మరో రెండింటిని మూడుకు దింపి తన ఇంట్లో ఒకేసారి రెండు జోడులు కట్టేస్తాడు.

1970ల్లో అనుభవజ్ఞులు ఈ పందేలకు పట్టి ఉంచడాన్నే ఎక్కువగా ఎంచుకునేవారు. 1990ల మొదట్లో ఐబీఎం పరిశోధకుడు జెరాల్డ్ టెసారో రూపొందించిన టీడీ-గామన్ అనే కంప్యూటర్ కార్యక్రమం 2-1, 4-1, 5-1 మూడింటిలోనూ విడదీయడం వైపు మొగ్గింది, తర్వాత ఆటగాళ్ల అలవాటూ మారింది. ఈనాటి అభిప్రాయంలో 4-1, 5-1లకు విడదీయడమే మేలు. 2-1లో మాత్రం రెండు మార్గాల మధ్య తేడా దాదాపు లేనట్టే, కాబట్టి అక్కడ తప్పు పట్టడం కన్నా సందర్భం చూడటం సబబు.

సందర్భం అంటే ముందుగా గెలుపు విలువ లెక్క. ప్రత్యర్థి ఒక్క కాయనైనా బయటకు తీయకముందే గెలిస్తే రెట్టింపు విలువ వస్తుంది, దానిని గామన్ అంటారు. పట్టి ఉంచడం ఇరుపక్షాలకూ గామన్లను పెంచుతుంది కనుక, తన గామన్ మాత్రమే పనికివచ్చే స్థితిలో ఉన్న ఆటగాడు దానిని ఎంచుకోవచ్చు, తాను గామన్‌తో ఓడిపోతే నష్టపడే స్థితిలో విడదీయడం భద్రం.

ఇక్కడ జరిగే ఒక పొరపాటు తొలి ఎత్తుల పట్టికను రెండో ఆటగాడు అలాగే వాడటం. ప్రత్యర్థి అప్పటికే తన కాయలను 24, 23లుగా విడదీసి ఉంటే, అవి రెండో ఆటగాడి ఇంట్లో 1, 2 గడుల్లో నిలిచినట్టవుతుంది కాబట్టి ఇటువైపు అయిదో గడిలో ఒంటరిగా దిగిన కాయకు మూడు, నాలుగు అడుగుల దూరాలు రెండూ ప్రమాదమే. కొట్టే పందేలు 15 నుంచి 24కు పెరుగుతాయి: మూడు గానీ నాలుగు గానీ ఉన్నవి 20, వాటికి తోడు 2-1 రెండు సార్లు, 1-1, 2-2 ఒక్కొక్కసారి. ఒంటరి కాయను మూడింట రెండు వంతుల ప్రమాదంలో పెట్టి గడి పట్టాలని చూడటం ఇక్కడ ఏ లెక్కకూ నిలవదు.