డయల్ మీద ఒక ఊరి పేరు: శామీర్‌పేట రేడియో వయసు ఎలా తేల్చాం

ఈసారి మన టేబుల్ మీద ఉన్నది ఒక పాత రేడియో. శామీర్‌పేటలో మా ఫ్రెండ్ వాళ్ల పాతిల్లు విప్పుతుంటే అటక మీద దొరికింది. ముందు వైపు కంపెనీ పేరుండే బిళ్ల ఊడిపోయింది, రెండు చిల్లులే మిగిలాయి. వెనక అట్ట లేదు. అంటే పేరూ లేదు, మోడల్ నంబరూ లేదు.

కానీ కథ మాత్రం ఉంది. వాళ్ల నానమ్మ చెప్పింది: "బిడ్డా, ఇది నిజాం కాలంది. పోలీస్ యాక్షన్ వార్తలు మా మామ దీంట్లనే విన్నడట."

మనవడికి ఆ మాట ఎంత నచ్చిందంటే, మేడ్చల్‌లో నేమ్‌ప్లేట్లు చేసే షాపులో ఇత్తడి పలక చేయించడానికి బయల్దేరాడు. దాని మీద "17 సెప్టెంబర్ 1948" అని చెక్కిస్తాడట. నిజాం దక్కన్ రేడియోలో మాట్లాడి లొంగుబాటు ప్రకటించిన రోజు అది. నేను ఒక్క రోజు ఆగమన్నాను. ఇత్తడి మీద చెక్కాక చెరపడం కష్టం కదా. ముందు రేడియోనే అడుగుదాం అనుకున్నాం.

మొదట డబ్బా చూశాం. ముదురు గోధుమ రంగు, బరువుగా ఉంది. బొటనవేలితో ఒకచోట వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూస్తే ఆసుపత్రి మందులాంటి ఘాటు వచ్చింది. అది బేకలైట్. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ప్లాస్టిక్. రేడియో డబ్బాలకు 1930ల నుంచి 1950ల దాకా బాగా వాడారు. ఆ తర్వాత తేలికైన, లేత రంగుల ప్లాస్టిక్ డబ్బాలు పెరిగాయి. మరి 1948 ఈ లెక్కలో పడుతుంది కదా? పడుతుంది. కానీ బేకలైట్ డబ్బా పోతపోసే ఉక్కు అచ్చు చాలా ఖరీదు. ఒకసారి చేయిస్తే కంపెనీ దాన్ని ఏళ్ల తరబడి వాడుకుంటుంది. అందుకే డబ్బా మనకు సంవత్సరం చెప్పదు. ఒకటి రెండు దశాబ్దాల గీత గీసి వదిలేస్తుంది.

తర్వాత స్పీకర్ మీది గుడ్డ. మెరిసే బంగారు రంగు నేత, చూడ్డానికి బాగుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఎందుకంటే రేడియోలో అన్నిటికన్నా సులభంగా మార్చేసేది ఈ గుడ్డనే. ఎలక కొరికినా, మాసినా, రిపేరు చేసేవాళ్లు కొత్తది అంటిస్తారు. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. పాత గుడ్డ అయితే స్పీకర్ ఎదురుగా దుమ్ముతో గుండ్రటి నీడ పడి ఉంటుంది. స్పీకర్ కదిలినప్పుడల్లా గాలి ఆ భాగంలోంచే వచ్చిపోతుంది, దుమ్మంతా అక్కడే చేరుతుంది. మన రేడియోకి ఆ నీడ లేదు. లోపలి అంచు నుంచి ఒక్క దారప్పోగు తీసి కాల్చాం. నూలు అయితే కాగితంలా కాలి బూడిద అవుతుంది. ఇది కరిగి చిన్న నల్ల పూసలా గట్టిపడింది, అంటే సింథటిక్. జిగురు కింద వెతికితే పాత గోధుమరంగు నూలుగుడ్డ ముక్క గోరంత దొరికింది. అసలు గుడ్డ అదే. ఈ బంగారు గుడ్డను నమ్మి ఉంటే రేడియో అసలు వయసు కన్నా చిన్నది అనుకునేవాళ్లం.

ఇక డయల్. ఇక్కడ ఒక హెచ్చరిక. డయల్ గాజు మీద అక్షరాలు చాలావరకు లోపలి వైపు ముద్రించి ఉంటాయి. తడిగుడ్డతో లోపల తుడిస్తే పేర్లన్నీ గుడ్డకి అంటుకొస్తాయి. నేను ఒకసారి అలా ఒక డయల్‌ని ఖాళీ చేసేశాను. అందుకే ముట్టుకోకుండా, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేయండి.

ఫోటోలో మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్‌లు కనిపించాయి. లాంగ్ వేవ్ లేదు. లాంగ్ వేవ్ ప్రసారాలు ఎక్కువగా యూరప్‌లో ఉండేవి, మన దగ్గర లేవు. కాబట్టి ఇది మన మార్కెట్ కోసం చేసిన సెట్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఢిల్లీ, మద్రాస్, సిలోన్ పేర్లున్నాయి. ఒక మూల, సగం చెరిగిపోయి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకో పేరు ఉంది: విజయవాడ.

మా ఫ్రెండ్‌కి అర్థం కాలేదు. నేను కాసేపు మాట్లాడలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. పోలీస్ యాక్షన్ సెప్టెంబర్ 13న మొదలై 17తో ముగిసింది. అప్పటికి లేని స్టేషన్ పేరు ఈ గాజు మీద ఎలా ఉంటుంది?

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. డయల్ మీద ఒక స్టేషన్ పేరు ఉంటే, ఆ రేడియో సాధారణంగా ఆ స్టేషన్ వచ్చిన తర్వాతిదే. కానీ పేరు లేదంటే ఏమీ తేలదు. కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో వచ్చాయి. ఈ డయల్ మీద అవి లేవు. అంతమాత్రాన ఇది 1963కి ముందుది అనలేం, చోటు చాలక వదిలేసి ఉండొచ్చు.

ఒక్క పేరుతో తీర్పు చెప్పడం కూడా తప్పే. గాజు వేరే సెట్‌ది కావచ్చు. ముల్లు తిప్పి చూశాం. అది గీతల ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిగ్గా వెళ్లి ఆగింది, కాబట్టి గాజు దీనిదే అనుకోవచ్చు. కేంద్రం రాకముందే ఎవరైనా పేరు వేశారా అన్న అనుమానం ఇంకా ఉంది. దానికి రెండో సాక్షి కావాలి.

డబ్బా లోపల అంటించిన కాగితం ఆ సాక్షి. వాల్వుల నంబర్లు దాని మీదున్నాయి: డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం 'డీ' అంటే బ్యాటరీ మీద నడిచే వాల్వు. అంటే ఇది కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన రకం. అందుకే దీనికి గోడ ప్లగ్ లేదు, బ్యాటరీ ప్యాక్‌కి పెట్టే ప్లగ్ ఉంది. ఇలాంటిదానికి వైరు కట్టి కరెంటు ఇస్తే వాల్వులు క్షణంలో మాడిపోతాయి, మనకూ ప్రమాదమే. ఇక ఈ 96 సిరీస్ వచ్చిందే 1950లలో. దాంతో అనుమానం తీరింది.

చివరికి ట్రంకు పెట్టెలో లైసెన్సు పుస్తకం దొరికింది. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మొదటి ముద్ర 1958. లైసెన్సు వేరే సెట్‌ది కూడా కావచ్చు కాబట్టి, అందులో రాసిన సెట్ నంబర్‌ని రేడియో లోపలి ఇనప పళ్లెం మీద కొట్టిన నంబర్‌తో పోల్చాం. రెండూ ఒకటే. కాబట్టి ఇది 1950ల మధ్య నుంచి 1958 లోపు తయారైన బ్యాటరీ వాల్వు రేడియో.

మరి నానమ్మ అబద్ధం చెప్పిందా? నేను ఆ మాట అడగలేదు. "నానమ్మా, మీ పెళ్లి ఎప్పుడైంది?" అన్నాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెప్పింది, పోలీస్ యాక్షన్ అయిన ఎనిమిదేండ్లకు ఈ ఇంటికి వచ్చిందట. అంటే వార్తలు విన్న రోజు ఆమె ఇక్కడ లేదు. మామగారు చెబితే విన్నది. ఆయన ఆ వార్తలు ఇంకెవరి ఇంట్లోనో, ఏ చావడి దగ్గరో విని ఉంటాడు. తర్వాత ఇంటికి సొంత రేడియో వచ్చాక, వినే కథా, ఎదురుగా ఉన్న పెట్టే ఆమె మనసులో కలిసిపోయి ఉంటాయి.

ఆమె కాసేపు డయల్ వంక చూసి, "గట్లయితే నేనొచ్చినంక కొన్నరన్నట్టు. నా రేడియోనే గదా" అంది.

ఇత్తడి పలక తయారైంది. దాని మీద 1948 లేదు. "నానమ్మ రేడియో, 1958 లోపు" అని ఉంది.