తోపుడు బండికి సొంత వెలుగు: బ్యాటరీ, బల్బు, ఫ్యూజుల లెక్క

పొద్దుగూకాక రోడ్డు పక్కన నిలబడే బజ్జీల బండికి ఒకప్పుడు పెట్రోమాక్స్ లైటే దిక్కు. ఇప్పుడు వెలుగు రకరకాల దారుల్లో వస్తోంది. కొందరు పక్క దుకాణం నుంచి వైరు లాగి, దానికి రోజువారీ డబ్బు కడతారు. కొందరు కరెంటు స్తంభానికి కొక్కెం తగిలిస్తారు. ఇది 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. వానాకాలంలో తడిసిన ఇనుప బండి మీదికి 230 వోల్టులు దిగితే చట్టం దాకా వెళ్లే అవసరం కూడా ఉండదు. ఇక మిగిలింది 12 వోల్టుల బ్యాటరీ. దీని షాకు మనిషిని చంపదు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ లెక్క చూసుకోకుండా కొన్న బ్యాటరీ ఏడాది తిరగకముందే చేతులెత్తేస్తుంది. అప్పటిదాకా పెట్టిన డబ్బంతా బూడిదే.

విజయవాడ లాంటి ఊళ్లో ఓ మిర్చి బజ్జీల బండిని ఉదాహరణగా తీసుకుందాం. సాయంత్రం అయిదున్నరకు దీపం వెలిగించి, రాత్రి పదిన్నరకు ఆర్పుతారు. అంటే అయిదు గంటలు. మూకుడు మీద ఒక బల్బు, గిరాకీ నిలబడే వైపు ఒకటి, చెరొకటి 9 వాట్లు. మొత్తం 18 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 1.5 ఆంపియర్లు. అయిదు గంటలకు ఏడున్నర ఆంపియర్ అవర్లు, షాపుల భాషలో 7.5 ఏహెచ్. కొనాల్సిన సామానంతా ఈ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. యూపీఎస్‌లలో వాడే 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ఏ షాపులోనైనా దొరుకుతుంది, చవక కూడా. 7.5కు 7 దగ్గరగానే ఉంది కదా అని కొంటారు. మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా బాగానే వెలుగుతుంది. అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడేస్తే సుమారు రెండు వందల సార్లకే దాని పని అయిపోతుంది. సగం మాత్రమే వాడి మళ్లీ నింపితే నాలుగైదు వందల సార్లు వస్తుంది. అంటే ఏడు నెలలకు పోయేది ఏడాదిన్నర దాకా సాగుతుంది. అందుకే కావాల్సిన 7.5ను రెట్టింపు చేసి 15 అనుకుని, బజారులో దొరికే 18 ఏహెచ్ తీసుకోవడం మంచిది. బరువు అయిదు కిలోలకు కాస్త పైగా ఉంటుంది. రాత్రి ఇంటికి మోసుకుపోవాల్సిన వస్తువు కాబట్టి ఆ సంగతీ చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు బ్యాటరీ చవకగా వస్తుందని మెకానిక్ షెడ్డుకు వెళ్లేవాళ్లూ ఉంటారు. అది వేరే పనికి పుట్టింది. ఇంజను స్టార్టు చేయడానికి రెండు మూడు సెకన్లు భారీగా కరెంటు ఇచ్చి, వెంటనే డైనమో నుంచి తిరిగి నింపుకోవడం దాని పని. లోపలి ప్లేట్లు పలచగా ఉంటాయి. రోజూ సగం దాకా ఖాళీ చేస్తే అవి తొందరగా రాలిపోతాయి. పైగా అందులో ఒలికే ఆసిడ్ ఉంటుంది. ఇరుకు బండి మీద, తినే పదార్థాల పక్కన దాన్ని పెట్టకపోవడమే మేలు.

బల్బుల దగ్గర ఒక చిక్కు ఉంది. 12 వోల్టుల డీసీ ఎల్ఈడీ బల్బు, ఇంట్లో వాడే 230 వోల్టుల బల్బు ఒకే హోల్డర్‌లో పట్టేలా, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డీసీ బల్బును ఇంటి హోల్డర్‌లో పెడితే ఢాం అంటుంది. ఇంటి బల్బును బండికి పెడితే అసలు వెలగదు. కొనేటప్పుడే బల్బు మీద 12 వోల్టులు, డీసీ అన్న ముద్ర చూసి, బండి బల్బులకు రంగు టేపు చుట్టి ఉంచితే గొడవ ఉండదు. కొన్ని బల్బులు ప్లస్, మైనస్ తారుమారైతే వెలగవు. అలాంటప్పుడు పాడైందని పారేయకుండా వైర్లు మార్చి చూడాలి. బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలించి ఇంటి బల్బులే వాడొచ్చు గానీ, ఆ మార్పిడిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. పైగా వద్దనుకున్న 230 వోల్టులు మళ్లీ బండెక్కుతాయి.

వైరుకు 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ చాలు. బ్యాటరీ నుంచి బల్బుకు మూడు మీటర్లనుకుంటే, పోయేది వచ్చేది కలిపి ఆరు మీటర్లు. 1.5 ఆంపియర్లకు దారిలో పోయేది వోల్టులో ఆరో వంతు లోపే. అదే స్పీకర్లకు వాడే సన్న తీగ వేస్తే ముప్పావు వోల్టు దాకా పోయి, బల్బు మసకబారుతుంది. బండి ఇనుమే కదా, మైనస్ తీగ బదులు ఆ ఇనుమునే వాడుకుందాం అనుకోకూడదు. తుప్పు, ఉప్పునీళ్లు, నూనె పట్టిన చోట ఆ అతుకు నిలవదు. రెండు తీగలూ బల్బు దాకా వెళ్లాలి.

12 వోల్టులు ప్రాణం తీయవు కాబట్టి ఫ్యూజు ఎందుకని అడిగేవాళ్లున్నారు. షాకు కొట్టని బ్యాటరీ నిప్పు మాత్రం పెట్టగలదు. ఇంటి మీటరు దగ్గర కట్టయ్యే ఏర్పాటు ఉంటుంది, బ్యాటరీకి ఉండదు. ప్లస్ తీగ పైతొడుగు ఇనుప రేకు అంచుకు రాసుకుని తెగి, మైనస్ తీగకో రెండుచోట్ల ఇనుముకో తగిలిందనుకుందాం. లెక్క ప్రకారం ఆ 1 స్క్వేర్ ఎంఎం తీగలో వంద ఆంపియర్లకు పైగా పరుగెత్తవచ్చు. క్షణాల్లో తొడుగు కరిగి అంటుకుంటుంది. పక్కనే నూనె మూకుడు, కింద గ్యాసు సిలిండరు. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, ఈ తీగను.

అందుకే ఫ్యూజు బల్బు దగ్గర కాకుండా బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే, జానెడు దూరం లోపు ఉండాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్యనున్న తీగ ముక్కకు ఎలాంటి రక్షణా ఉండదు. అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఆటోమొబైల్ షాపులో దొరికే బ్లేడు ఫ్యూజు, మూతున్న హోల్డరు సరిపోతాయి. 1.5 ఆంపియర్ల బల్బులకు, ఎప్పుడైనా ఒక ఫోను చార్జింగు కలిసినా, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. లేత గోధుమ రంగులో ఉంటుంది. రెండు విడివి బండిలో ఉంచుకోవాలి. లేకపోతే కాలిన చోట రాగి పోగు చుట్టే అలవాటు ఊరుకోదు. ఫ్యూజు ఒకసారి పోతే మార్చొచ్చు. మార్చిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో తీగ తెగినట్టు. అప్పుడు 15 ఆంపియర్లది పెట్టడం కాదు, తీగ పొడవునా చేత్తో తడిమి చూడాలి. రేకుకు రంధ్రం చేసి తీగ లాగిన చోట రబ్బరు బుష్ లేకపోతే ముందు అక్కడే చూడాలి. బండి గతుకుల్లో ఊగే కొద్దీ అరిగేది అదే.

బ్యాటరీని పొయ్యికి దూరంగా, సిలిండరు ఉన్న అరలో కాకుండా వేరే చోట బిగించాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే అడుగునే నిలుస్తుంది. టెర్మినల్‌కు తీగ తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ రావడం మామూలే. ఆ రెండూ ఒకే అరలో కలవకూడదు. వేడి సంగతీ ఉంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. మే నెల ఎండ చాలదన్నట్టు పొయ్యి సెగ కూడా తోడైతే పైన చెప్పిన ఏడాదిన్నర మీద ఆశ వదులుకోవచ్చు.

ఇక చార్జింగు. వాడిన 7.5కు బదులుగా సుమారు 9 ఏహెచ్ తిరిగి పోయాలి, మధ్యలో కొంత వృథా అవుతుంది. లెడ్ యాసిడ్‌కు సామర్థ్యంలో పదో వంతు కరెంటు సురక్షితం కాబట్టి 18 ఏహెచ్‌కు 2 ఆంపియర్ల చార్జరు సరిపోతుంది. మొదటి నాలుగు గంటల్లో చాలా మటుకు నిండుతుంది, మిగతాది నెమ్మదిగా ఎక్కుతుంది. రాత్రి పదకొండుకు పెట్టి పొద్దున ఆరు, ఏడుకు తీస్తే పని పూర్తవుతుంది. ఇంటి మీటరు మీద పడే భారం నెలకు సుమారు 5 యూనిట్లు.

చార్జరు ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుందో అడిగి కొనాలి. సీల్డ్ బ్యాటరీ మీద రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. స్టాండ్‌బైకి 13.5 నుంచి 13.8 వోల్టులు, సైకిల్ వాడకానికి 14.4 పైన. బండి వాడకం రెండో రకం. 13.8 దగ్గరే ఆగే యూపీఎస్ తరహా చార్జరు పెడితే ఒక్క రాత్రిలో బ్యాటరీ పూర్తిగా నిండదు. రోజూ కొంచెం మిగిలిపోతూ, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మరోవైపు, ఆటో కట్ లేని నాటు చార్జరు తెల్లార్లూ తోసుకుంటూ పోతే బ్యాటరీ ఉబ్బుతుంది. పొద్దున ముట్టుకుంటే వెచ్చగా కాకుండా వేడిగా తగిలితే ఆ చార్జరును మానేయాలి. క్లిప్పులు ముందు బ్యాటరీకి తగిలించి, తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. చార్జింగులో హైడ్రోజన్ వెలువడొచ్చు కాబట్టి మూసిన పెట్టెలోనో మంచం కిందో కాకుండా గాలి ఆడే చోట పెట్టాలి.

అలసి వచ్చి "రేపు పెడదాంలే" అనుకోవడమే బ్యాటరీకి అన్నిటికన్నా చేటు. ఖాళీగా గడిపిన ప్రతి రాత్రీ సల్ఫేటు పెరుగుతుంది. వ్యాపారం లేని రోజైనా నింపే ఉంచాలి. ఆ రాత్రి కరెంటు పోతే మర్నాడు ఒక్క బల్బుతో నడిపితే సరిపోతుంది. సగం మిగిల్చుకోవడంలోని మరో లాభం ఇదే.

సోలార్ పలక గురించి చాలామంది అడుగుతారు. 40 వాట్ల పలక మంచి ఎండలో 2 ఆంపియర్లకు పైగా ఇస్తుంది. అయిదారు గంటల నేరుటెండ దొరికితే రోజు లెక్క తీరుతుంది. కానీ సాయంత్రం మాత్రమే నడిచే బండి పగలంతా ఇంటి నీడలోనో చెట్టు కిందో ఉంటుంది. పగలంతా రోడ్డు మీదుండే పండ్ల బండికైతే పనికొస్తుంది. వానాకాలంలో దానికీ గోడ చార్జరు అవసరమే. పలకకూ బ్యాటరీకీ మధ్య చార్జ్ కంట్రోలరు తప్పనిసరి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 12 ఏహెచ్‌దే చాలు. బరువు తక్కువ, రెండు వేల సార్లకు తగ్గకుండా పనిచేస్తుంది. ధర మాత్రం మొదటే ఎక్కువ. దానికి 14.6 వోల్టుల సొంత చార్జరు ఉండాలి. మరో తేడా ఏమిటంటే, లెడ్ యాసిడ్ నెమ్మదిగా మసకబారి ముందే చెబుతుంది. ఇది చివరిదాకా 13 వోల్టుల దగ్గరే నిలబడి, లోపలి రక్షణ సర్క్యూట్ తెంచగానే ఉన్నట్టుండి చీకటి చేస్తుంది.

లెడ్ యాసిడ్ వాడేవాళ్లకు చిన్న డిజిటల్ వోల్ట్ మీటరు మంచి తోడు. నింపి, కాసేపు ఆగాక 12.7 చూపాలి. బల్బులు వెలుగుతుండగా 12 దగ్గరికి వస్తే దాదాపు సగం అయిపోయినట్టు. 11.8 కన్నా దిగనివ్వకూడదు. కొత్తలో ఒకసారి నిండా నింపి, రెండు బల్బులూ వేసి, 12కు దిగడానికి ఎన్ని గంటలు పట్టిందో గోడ మీద రాసుకోవాలి. ఆ అయిదారు గంటలు మూడుకు పడిపోయిన నెలలో కొత్త బ్యాటరీకి డబ్బు సిద్ధం చేసుకోవాలి. పాతదాన్ని అదే షాపులో ఇస్తే సీసం ధర కొంత తగ్గిస్తారు.